1688/9 అని రెండు సంవత్సరాలు ఎందుకు రాశారు? 1752లో పోయిన 11 రోజులకీ దీనికీ సంబంధం ఉందా?

పాతకాగితం: మద్రాసు ఫోర్ట్ సెయింట్ జార్జి నాటి కంపెనీ రికార్డులు చదువుతున్నా. ఫిబ్రవరి తేదీల పక్కన 1688/9 అని ఉంటోంది. 1752లో 11 రోజులు ఎగరగొట్టారు కదా, అందువల్లేనా? నా నోట్సులో ఏ ఏడు రాసుకోవాలి?

గోదారిగట్టు: అందువల్లేనండీ. జూలియన్ లెక్కలో నాలుగేళ్లకోసారి తప్పకుండా లీపు రోజు వేస్తూ పోవడంతో క్యాలెండరు రుతువులకి దూరం జరిగిపోయింది. రోమ్ పోపు 1582లోనే 10 రోజులు కోసేశాడు, ఇంగ్లండు మొండికేసి 1752 దాకా ఆగింది. సెప్టెంబర్ 2 బుధవారం పడుకున్నవాళ్లు లేచేసరికి 14, గురువారం! లండన్‌లో "మా 11 రోజులు మాకివ్వండి" అని పెద్ద గొడవలు కూడా అయ్యాయి. పాత లెక్కకొక ఏడు, కొత్త లెక్కకొక ఏడు, రెండూ వేసేవారు.

లైనక్స్_మామ: నమ్మకపోతే టెర్మినల్‌లో కొట్టి చూస్కోండి.

```
$ cal 9 1752
   September 1752
Su Mo Tu We Th Fr Sa
       1  2 14 15 16
17 18 19 20 21 22 23
24 25 26 27 28 29 30
```

లెక్కలపంతులు: గోదారిగట్టు గారూ, రోజుల సంగతి మీరు చెప్పింది నిజమే, కానీ జంట సంవత్సరం దానివల్ల రాలేదు. అది వేరే తగువు, ఏడాది ఏ రోజు మొదలవుతుందన్న తగువు. ఇంగ్లండులో చట్టం ప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది, అంటే 1688 డిసెంబర్ 31 వెళ్లిన మర్నాడు కూడా కాగితం మీద 1688 జనవరి 1 అన్నమాట, 1689 రావాలంటే ఇంకో మూడు నెలలు ఆగాలి. మామూలు జనమేమో, పక్కనున్న స్కాట్లండ్ వాళ్లేమో (వాళ్లు 1600 నుంచే) జనవరి 1నే కొత్త ఏడు అనేవారు. చదివేవాడు తికమకపడకుండా గుమాస్తా రెండూ రాసి పడేసేవాడు. అందుకే ఈ గీత జనవరి 1 నుంచి మార్చి 24 లోపు తేదీలకే కనిపిస్తుంది.

మన తీరం నుంచే చూడండి. 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసు కోట పట్టుకున్న రోజు ఇంగ్లీషు లెక్కలో సెప్టెంబర్ 10, ఫ్రెంచి లెక్కలో సెప్టెంబర్ 21. పదకొండు రోజుల తేడా ఉంది, అయినా ఇద్దరికీ అది 1746వ సంవత్సరమే, ఇద్దరికీ బుధవారమే. వారాలు ఎక్కడా తెగలేదు, కాబట్టి రికార్డులో వారం పేరుంటే అది ఏ లెక్కో దాన్నిబట్టి పట్టేయొచ్చు.

రాణి_గుంటూరు: మా నాన్నగారికీ ఇదే సమస్య! జాతకంలో ఒక సంవత్సరం, బడి సర్టిఫికెట్‌లో ఇంకోటి. పెన్షన్ కాగితాలప్పుడు చచ్చేంత టెన్షన్ పడ్డాం. దానిక్కూడా ఇలా గీత పెట్టి రాయొచ్చా?

లెక్కలపంతులు: లేదమ్మా, అది బడిలో చేర్చినప్పుడు వయసు సర్ది వేసిన గొడవ. దీనికీ దానికీ పోలికే లేదు.

గోదారిగట్టు: సరే, ఏడాది మొదలు కూడా 1752లో అమలైన చట్టమేగా మార్చింది? రెండూ ఒకటే అనుకోవడంలో అంత తప్పేముంది?

లెక్కలపంతులు: రెంటినీ మార్చింది ఒకే చట్టం, అక్కడే అందరూ జారిపడతారు. దానివల్ల 1751 మార్చి 25న మొదలై డిసెంబర్ 31కే అయిపోయింది, 282 రోజుల ఏడు. తర్వాత 1752లో 11 రోజులు పోయి 355 మిగిలాయి. ఇక ఆ అల్లర్లకి గట్టి ఆధారం లేదు. హోగార్త్ వేసిన ఎన్నికల బొమ్మలో ఆ నినాదమున్న ప్లకార్డు ఒకటి కనిపిస్తుంది, కథ అక్కణ్ణుంచి పెరిగిందంటారు. అద్దెలూ అప్పులూ 11 రోజులు ముందే కట్టాల్సిన పని లేదని చట్టంలోనే రాశారు కూడా.

పాతకాగితం: మరి నేనేం రాసుకోవాలి సార్?

లెక్కలపంతులు: ఏడు 1689 అని రాసి, రోజు ఉన్నది ఉన్నట్టు ఉంచండి. చరిత్రకారులు ఎక్కువగా చేసేది అదే. ఫ్రెంచి, డచ్చి కాగితాలతో పోల్చాల్సొస్తేనే రోజులు కలపండి, అదీ మీ 1689కి పది మాత్రమే. 1700లో జూలియన్‌కి లీపు రోజు వచ్చి, గ్రెగోరియన్‌కి రాలేదు కాబట్టి ఆ తర్వాతే పదకొండయింది.

కృష్ణలంక_కుర్రాడు: నేనొప్పుకోను. సగం మార్చి సగం వదిలేయడమేంటి? వాషింగ్టన్ పుట్టిన తేదీ 1731/2 ఫిబ్రవరి 11ని పూర్తిగా మార్చి 1732 ఫిబ్రవరి 22 అనే కదా పండగ చేశారు.

లెక్కలపంతులు: మరి ఒకటో చార్లెస్ తల నరికింది 1648/9 జనవరి 30న. ఆ స్మారక దినం ఇప్పటికీ జనవరి 30నే, ఫిబ్రవరికి ఎవరూ జరపలేదు.

కృష్ణలంక_కుర్రాడు: అయితే ఎవరిష్టం వాళ్లదనేగా? ఇంగ్లండు హక్కుల బిల్లు మనకి 1689, వాళ్ల చట్టాల జాబితాలో చూస్తే ఇప్పటికీ 1688.

పాతకాగితం: ప్రస్తుతానికి రికార్డులో ఉన్నట్టే 1688/9 అని గీతతో సహా దించుకుంటున్నా. మీరు కానివ్వండి.