మూత కీలు, ముద్రలు, లోపలి ఫొటోలు: ఇయర్‌బడ్స్ నకలును వీటితో తేల్చవచ్చా?

అడిగినవారు: నల్లగొండ వాసి

గడియారం చౌరస్తా దగ్గర పరిచయస్తుని ద్వారా 9,500 రూపాయలకు రెండో తరం ఎయిర్‌పాడ్స్ ప్రో తీసుకున్నాను. చార్జింగ్ రంధ్రం టైప్-సి. నాది ఆండ్రాయిడ్ ఫోన్. మూత కీలు గట్టిగా, నిగనిగలాడుతూ ఉంది. మూత లోపలి సీరియల్ నంబరును యాపిల్ వెబ్‌సైటులో కొడితే సరైనదేనని వచ్చింది. అయితే మా వీధిలో రిపేరు చేసే అబ్బాయి కేస్ విప్పి తీసిన లోపలి ఫొటో చూశాక అనుమానం పుట్టింది. ఈ మూడింటిలో దేనిని నమ్మాలి?

మహబూబ్‌నగర్, వాచీల దుకాణం

నా మాట వింటే కీలునే నమ్మండి. ముప్పై ఏళ్లుగా గడియారాల మూతలు, గొలుసుల బందులు చూస్తున్న చేతితో చెబుతున్నాను, కీలు అబద్ధమాడదు. మూతను సగం తెరిచి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకొని కుడి ఎడమలకు మెల్లగా కదపండి. అసలు దానిలో ఆ పక్క కదలిక దాదాపుగా తెలియదు. తరువాత మూత మూసి ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టుకొంటే, మూతకూ కేస్‌కూ మధ్య సందు చుట్టూ ఒకే సన్నని గీతలా కనిపించాలి. నకలులో కీలు ఉన్న వైపు సందు బిగుతుగా ఉండి, ముందు వైపుకు వచ్చేసరికి వెడల్పవుతుంది. మీ కీలు గట్టిగా ఉందంటున్నారు కనుక వస్తువు అసలుదే అయి ఉంటుందని నా అభిప్రాయం.

మిర్యాలగూడ, మొబైల్ మరమ్మతు

పెద్దవారు చెప్పిన పరీక్ష మంచిదే, కానీ అది ఒక వైపు మాత్రమే పని చేస్తుంది. కీలు వదులుగా, వంకరగా ఉంటే అనుమానించవచ్చు; గట్టిగా ఉంటే అసలుదని అనలేము. మొదట్లో వచ్చిన కాపీలలో కీలు నాసిగా ఉండి మూత ఊగేది. ఇప్పుడు బజారులో ‘మాస్టర్ కాపీ’ పేరుతో వస్తున్న వాటిలో లోహపు కీలే పెడుతున్నారు, మెరుగు కూడా బాగానే పెడుతున్నారు. మరోవైపు, రెండు మూడేళ్లు జేబులో తిరిగి దుమ్ము పట్టిన అసలు కేస్ కూడా కొంచెం ఊగుతుంది. అందువల్ల కొత్త వస్తువుకు కీలు పరీక్ష ఎంతో కొంత పనికొస్తుంది, వాడిన వస్తువుకు దాని విలువ బాగా తగ్గిపోతుంది.

సీరియల్ నంబరు విషయం ఇంకా చిక్కు. వెబ్‌సైటు ‘ఈ నంబరు ఉంది’ అని మాత్రమే చెబుతుంది, ‘మీ చేతిలో ఉన్నది ఆ వస్తువే’ అని చెప్పదు. నకలు చేసేవారు ఒక అసలు పెట్టె మీది నంబరును తీసుకొని వందల మూతల మీద అచ్చు వేస్తారు. ఆ నంబరును మీరు తనిఖీ చేస్తే సరైనదనే వస్తుంది, ఎందుకంటే అది నిజంగా ఎవరిదో అసలు వస్తువు నంబరు.

నల్లగొండ వారూ, భూతద్దం ఉంటే ఒక పని చేయండి. మూత లోపల సీరియల్ నంబరుతో పాటు లేత బూడిద రంగులో చాలా చిన్న అక్షరాలు ఉంటాయి. వాటిలో A తో మొదలయ్యే నాలుగు అంకెల మోడల్ నంబరును, బడ్స్ కాడల మీద ఉన్న నంబర్లనూ చదివి ఇక్కడ రాయండి. వాటి మీదే అసలు కథ ఉంటుంది.

జడ్చర్ల వాసి

ఇంత కష్టం అవసరం లేదు. మన దేశంలో వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లకు ప్రమాణాల సంస్థ బీఐఎస్ దగ్గర నమోదు తప్పనిసరి. R తర్వాత ఎనిమిది అంకెలుండే ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు పేరు, బ్రాండు పేరు వచ్చేస్తాయి. R నంబరు లేకపోతే నకలు, ఉంటే అసలు.

మిర్యాలగూడ, మొబైల్ మరమ్మతు

మీ మాటలో మొదటి సగం నిజం. నంబరు కొట్టినప్పుడు తయారీదారు పేరు మరెవరిదో, ఏ చార్జరు తయారీదారుదో వస్తే అది బలమైన సాక్ష్యమే. నా దగ్గరకు వచ్చిన ఒక పెట్టె మీది నంబరు ఎల్ఈడీ దీపాలకు ఇచ్చినదిగా తేలింది. కానీ ఉన్నంత మాత్రాన అసలుదని అనలేము, ఎందుకంటే సీరియల్ నంబరు లాగే దీనినీ అచ్చు వేయవచ్చు. ఇక లేకపోవడం సంగతికి వస్తే, అమెరికా నుంచో దుబాయ్ నుంచో బంధువులు తెచ్చిన అసలు వస్తువు మీద మన దేశపు నంబరు ఉండదు. మన జిల్లాల్లో అలా వచ్చినవి ఎన్ని ఉన్నాయో మీకు తెలియనిది కాదు.

దేవరకొండ, ఉపాధ్యాయురాలు

మధ్యలో వచ్చినందుకు క్షమించండి, నాది వాచీ సమస్య. మా అబ్బాయి ‘అల్ట్రా’ అని రాసి ఉన్న చతురస్రపు స్మార్ట్‌వాచ్ 2,200 రూపాయలకు తెచ్చాడు. వెనుక వైపు అక్షరాలు యాపిల్ వాచీలో ఉన్నట్లే గుండ్రంగా ఉన్నాయి, కానీ నెల రోజులకే చెమటకు చెరిగిపోయాయి. అక్షరాలు చెరగడాన్ని బట్టి నకలని అనుకోవచ్చా? వెనుక మూత విప్పించి ఫొటో తీయించమంటారా?

మిర్యాలగూడ, మొబైల్ మరమ్మతు

అమ్మా, దానిని విప్పించకండి. అసలు యాపిల్ వాచీ ఐఫోన్‌తో తప్ప మరే ఫోన్‌తోనూ జత కాదు. మీ అబ్బాయి దానిని ఆండ్రాయిడ్ ఫోన్‌లో వేరే యాప్ దించుకొని వాడుతున్నట్లయితే అక్షరాల గురించి ఆలోచించే పని లేదు. ఇంకో సరదా పరీక్ష కూడా ఉంది: గుండె వేగం కొలిచే చోట మణికట్టుకు బదులు చుట్టిన తువ్వాలును పెట్టి చూడండి. కొన్ని నకళ్లు తువ్వాలుకు కూడా 72 చూపిస్తాయి. ఆ వాచీ చూపే అంకెలను బట్టి మందులు మాత్రం మార్చుకోకండి.

నల్లగొండ వాసి

మా బావగారి దగ్గర నగల దుకాణంలో వాడే భూతద్దం తెచ్చి చదివాను. మూత లోపల A2700 అని ఉంది. బడ్స్ కాడల మీద ఒకదానిపై A2698, మరొకదానిపై A2699 అని ఉన్నాయి. అక్కడే ఉన్న త్రాసు మీద కేస్ ఒక్కటీ తూచాను, 51 గ్రాములు వచ్చింది. అసలు బరువు 50.8 గ్రాములని యాపిల్ ప్రకటించింది కనుక బరువు సరిపోయినట్లే కదా?

లోపలి ఫొటోలో కనిపించేవి రాస్తున్నాను: వెండి రంగు పొట్లం లాంటి బ్యాటరీ, దానికి ఎర్ర, నల్ల తీగలు రెండు, ఆకుపచ్చ బోర్డు మీద ఉబ్బెత్తు సోల్డరింగ్ ముద్దలు, వాటి చుట్టూ గోధుమ రంగు మరక. ఒక మూల తెల్ల జిగురుతో అంటించిన నలుచదరపు లోహపు ముక్క కూడా ఉంది. దానికి ఏ తీగా లేదు.

మిర్యాలగూడ, మొబైల్ మరమ్మతు

మీ కేస్ గుట్టు A2700 దగ్గరే బయటపడింది. రెండో తరం ప్రో 2022లో యాపిల్ సొంత లైట్నింగ్ రంధ్రంతో వచ్చింది. ఆ కేస్ మోడల్ నంబరు A2700. టైప్-సి కేస్ 2023లో వచ్చింది. దాని నంబరు A2968. మీ కేస్‌కు టైప్-సి రంధ్రం ఉందని మొదటే చెప్పారు. అసలు కర్మాగారం నుంచి వచ్చిన టైప్-సి కేస్ మీద A2700 ఉండదు. నకలు చేసినవారు పాత అచ్చును మార్చకుండా రంధ్రాన్ని మాత్రం మార్చారు. అక్షరాల మందం, రంగు చూసి తగువు పడేకంటే ఇలా ముద్ర ఒక మాట, రంధ్రం ఒక మాట చెబుతున్నాయా అని చూడడమే మేలని నేను ఎప్పుడూ అంటాను. అక్షరాల పోలికకు మంచి వెలుగు, పక్కన ఒక అసలు వస్తువు ఉండాలి. ఈ వైరుధ్యానికి చదవగలిగే కళ్లుంటే చాలు.

ఇక బరువు. తీగ లేని ఆ లోహపు ముక్క ఏ పనీ చేయదు, కేస్ చేతికి బరువుగా తగలడానికే దానిని అంటించారు. త్రాసు సరిగ్గానే చెప్పింది, కానీ ఆ 51 గ్రాములలో బ్యాటరీ ఎంతో, ఇనుము ఎంతో అది చెప్పలేదు. లోపలి ఫొటో వల్ల నిజంగా లాభం కలిగింది ఇక్కడే. సోల్డరింగ్ ముద్దలు, చుట్టూ తుడవకుండా వదిలేసిన ఫ్లక్స్ మరక కూడా చేతిపనిని సూచిస్తాయి. అయితే మరమ్మతుకు వెళ్లివచ్చిన వస్తువులోనూ అవి ఉండవచ్చు కనుక వాటిని రెండో వరుసలోనే ఉంచుతాను.

జడ్చర్ల వాసి

అయితే అందరూ ముందే విప్పి చూసుకుంటే సరిపోతుంది కదా. లోపల చిప్పు మీద JL అని ఉంటే నకలని నేను ఒక వీడియోలో చూశాను.

మిర్యాలగూడ, మొబైల్ మరమ్మతు

విప్పడం చివరి మార్గం. ఈ కేస్‌లు జిగురుతో మూసి ఉంటాయి, విప్పితే మునుపటిలా కూర్చోవు. వస్తువు అసలుదైతే మీ చేతులారా పాడు చేసుకున్నట్లే, తిరిగి ఇద్దామంటే అమ్మినవాడు కూడా ‘మీరే విప్పారు’ అంటాడు.

చిప్పు సంగతి. JL అంటే జియెలీ అనే చైనా సంస్థ చిప్పు. దానిని తమ సొంత పేరుతో నిజాయతీగా వెయ్యి రూపాయలకు అమ్మే ఇయర్‌బడ్స్‌లోనూ వాడతారు. ఆ చిప్పు ఉండడం మోసం కాదు. రెండో తరం ప్రో అని అమ్మిన బడ్‌లో యాపిల్ హెచ్2 చిప్పుకు బదులు అది కనిపిస్తే అప్పుడు మోసం. ఇంకొక జాగ్రత్త: 2019 నాటి మొదటి తరం ఫొటోను పక్కన పెట్టుకొని రెండో తరాన్ని ‘లోపల తేడాగా ఉంది’ అని నకలుగా తేల్చేస్తారు కొందరు. పోల్చే ఫొటో అదే మోడల్ నంబరుదని నిర్ధారించుకోకపోతే లోపలి ఫొటో కీలుకంటే ఎక్కువగా దారి తప్పిస్తుంది.

మహబూబ్‌నగర్, వాచీల దుకాణం

కీలు విషయంలో పొరబడ్డానని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, కానీ పూర్తిగా ఒప్పుకోను. రిపేరు అబ్బాయి కేస్ విప్పక ముందు సందు ఎలా ఉందో ఎవరూ చూడలేదు. వెలుగుకు పట్టి చూసి ఉంటే అప్పుడే తెలిసేదేమో. ఇంకో ప్రశ్న: కేస్ నకలని తేలింది, సరే. బడ్స్ మీద A2698, A2699 అని ఉన్నాయి. అవి కూడా నకలేనని ఎలా అంటారు? కేస్ పోగొట్టుకున్నవారు బజారులో దొరికే వేరే కేస్ కొనుక్కుంటారు కదా.

మిర్యాలగూడ, మొబైల్ మరమ్మతు

మంచి ప్రశ్న అడిగారు. నిజమే, కేస్ మీది ముద్ర బడ్స్ గురించి ఏమీ చెప్పదు. A2698, A2699 లైట్నింగ్ కాలపు రెండో తరం బడ్స్ నంబర్లే. A2700 కేస్‌తో వచ్చే జత అదే. కాబట్టి పాత అసలు బడ్స్‌ను నకలు కేస్‌లో పెట్టి అమ్మి ఉండవచ్చు, లేదా మొత్తం జతనే అచ్చు దించి ఉండవచ్చు. ఫొటోలతో దీనిని తేల్చలేను.

ఎవరిదైనా ఐఫోన్ అడిగి జత చేయండి. iOS 16 నుంచి, అసలువని నిర్ధారించలేని ఎయిర్‌పాడ్స్‌కు తెర మీద హెచ్చరిక వస్తుంది. అది వస్తే నకలు అనుకోవచ్చు; రాకపోతే మాత్రం దానినే రుజువుగా పట్టుకోకండి. తరువాత బ్లూటూత్ సెట్టింగులలో సీరియల్ నంబరు మీద వేలితో తడుతూ పోతే కేస్, ఎడమ బడ్, కుడి బడ్ నంబర్లు వరుసగా కనిపిస్తాయి. అసలు వాటిలో మూడూ వేర్వేరు.

నల్లగొండ వాసి

మా చెల్లెలి ఐఫోన్‌తో ఇప్పుడే చూశాను. హెచ్చరిక రాలేదు. కానీ ఎన్నిసార్లు తట్టినా నంబరు మారలేదు, మూత లోపల అచ్చు వేసినదే మూడుసార్లూ కనిపించింది. అమ్మినాయనకు ఫోన్ చేస్తే, తాను హైదరాబాద్‌లో ఒక దుకాణంలో బిల్లుతోనే కొన్నానని, ‘నేనూ మోసపోయినవాణ్ణే’ అని అంటున్నాడు. బిల్లు పంపమన్నాను. దాని మీద మోడల్ నంబరు రాసి ఉంటే ఇక్కడ పెడతాను.

మహబూబ్‌నగర్, వాచీల దుకాణం

బిల్లుతో పాటు పెట్టె ఫొటో కూడా అడగండి. దిగుమతిదారు చిరునామా, గరిష్ఠ చిల్లర ధర పెట్టె మీద ఉండాలి. 2023లో టైప్-సి జత మన దగ్గర 24,900 రూపాయలకు వచ్చింది. ఆ పెట్టె మీద ఎంత రాశారో చూడాలి. వీలైతే కీలు ఉన్న వైపు నుంచి, మూత మూసి, ఒక ఫొటో నాకోసం పెట్టండి.