రొయ్యల గుంటల అలారం బయటి కంపెనీకి ఇస్తున్నాం: పెనాల్టీ గట్టిగా పెట్టాలా?

కావలి_గుంటగట్టు: మాది కావలిలో చిన్న టీమ్. రొయ్యల గుంటలో ఆక్సిజన్ పడిపోతే రైతు ఫోన్‌కి కాల్, మెసేజ్ వెళ్లే సిస్టమ్ చేస్తున్నాం. సెన్సార్లు, యాప్ మావే. కాల్, మెసేజ్ పంపే భాగం ఒక్కటే నెలకు 40,000కి బయటికిస్తున్నాం. సర్వీస్ ఎలా ఉండాలో రాసే ఒప్పందం, అదే ఎస్‌ఎల్‌ఏ, వాళ్లిచ్చిన దాంట్లో రెస్పాన్స్ 30 నిమిషాలు, అప్‌టైమ్ 99.5 శాతం, తప్పితే ఆ నెల బిల్లులో 5 శాతం కోత. నేను తప్పుకి 5 లక్షలు అడుగుదామనుకుంటున్నా. కరెక్టేనా?

చీమకుర్తి_రాయి: అడుగు అన్నా, మొహమాటం దేనికి. గ్రానైట్ లోడ్లకి లారీలు మాట్లాడేటప్పుడు రోజు లేటుకి ఇంత అని నేను కాగితం మీదే రాయించుకుంటా. పోర్టుకి చేరడం ఆలస్యమైతే కిరాయిలోనే పట్టుకుంటా. ఇంతవరకు గొడవ రాలేదు.

నైట్‌షిఫ్ట్_నెల్లూరు: లారీ చేరిందో లేదో కళ్లకు కనపడుద్ది, అందుకే గొడవ రాలేదు. ఇక్కడ అసలు తప్పు జరిగిందా లేదా అన్నదే మొదటి తగాదా. నేను చాలా ఏళ్లు వెండర్ వైపే కూర్చున్నా, కాబట్టి చెప్తున్నా.

కావలి బ్రో, నీ కాగితాన్ని ఒక రాత్రి మీద పెట్టి చూడు. శనివారం రాత్రి 2:40కి కాల్స్ వెళ్లడం ఆగిపోయాయి. 2:50కి నువ్వు టికెట్ పెట్టావు. 3:05కి ‘మీ ఫిర్యాదు అందింది, చూస్తున్నాం’ అని మెయిల్ వచ్చింది. రెస్పాన్స్ 15 నిమిషాల్లోనే, పాస్. 5:40కి బాగుచేశారు. మొత్తం 3 గంటలు. 30 రోజుల నెలకు 720 గంటలు, అందులో అర శాతం అంటే 3 గంటల 36 నిమిషాలు ఆగిపోవచ్చని నువ్వే సంతకం పెట్టావు. అదీ పాసే. ఇక పెనాల్టీ 2,000 అయినా 5 లక్షలైనా నీకొచ్చేది సున్నా. నీటిలో ఆక్సిజన్ అట్టడుగుకి పోయేదేమో సరిగ్గా ఆ తెల్లవారుజామునే.

ఒంగోలు_ట్రంక్‌రోడ్: అయితే 99.9 అడిగితే సరి. నెలకు 43 నిమిషాలే. పెనాల్టీ అంకె కాగితం మీద ఉంటే కోర్టులో ఆ మొత్తం వచ్చేస్తుంది కూడా.

నైట్‌షిఫ్ట్_నెల్లూరు: మొదటిది సగం కరెక్ట్. ఆ 43 నిమిషాలూ ఒకే రాత్రి 3 గంటలకి వస్తే? రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లెక్క విడిగా రాయించాలి, ఒక్కసారికి 15 నిమిషాలు మించకూడదని కూడా. పగలు కాస్త వదులుగా ఉన్నా పర్లేదు, గట్టు మీద మనుషులుంటారు.

రెండోది కాదు. కాంట్రాక్ట్ చట్టం 1872, సెక్షన్ 74 ప్రకారం రాసుకున్న అంకె గరిష్ఠం మాత్రమే, దాని లోపల సమంజసమైనంతే ఇస్తారు. నెలకు 40,000 తీసుకునేవాడి మీద 5 లక్షలు పెడితే, వాడు రేటన్నా పెంచుతాడు, మినహాయింపులన్నా రెండు పేజీలు రాస్తాడు. మేం రెండూ చేసేవాళ్లం. మొదటిసారికి 10 శాతం, రెండోసారికి 25, నెలకు సగం బిల్లు దాటకుండా కోత పెట్టు. మూడు నెలల్లో రెండు నెలలు తప్పితే నోటీసు లేకుండా వెళ్లిపోయే హక్కు రాయించుకో. మాకు భయం దానికే ఉండేది.

ఇంకొకటి, కొలిచేది ఎవరు? వాళ్ల డాష్‌బోర్డులో సర్వర్ పచ్చగానే ఉంటుంది, లోపల కాల్స్ క్యూ కదలదు. పది నిమిషాలకొకసారి ఒక ఉత్తుత్తి అలారం నీ సొంత ఫోన్‌కి రప్పించు. ఆ అలారాల రికార్డే ఇద్దరికీ లెక్క అని ఒప్పందంలో ఉండాలి. ‘రెస్పాన్స్’ అన్న మాట పక్కన ఇంకో గడువు పెట్టు: 30 నిమిషాల్లో వేరే దారిలో కాల్స్ వెళ్లాలి, ఏమీ కుదరకపోతే వాళ్ల మనిషే కూర్చుని ఫోన్లు చేయాలి. శాశ్వత రిపేరుకి మూడు రోజులిచ్చినా నష్టం లేదు.

కావలి_గుంటగట్టు: అన్నా, ట్రయల్లో మెసేజ్‌లో రెండు మాటలు మార్చాం, ఒక్కటీ వెళ్లలేదు. తప్పు మాదేనన్నారు. ఒళ్లు మండింది.

నైట్‌షిఫ్ట్_నెల్లూరు: తప్పు మీదే అబ్బయా. కంపెనీల మెసేజ్‌లు ముందే నమోదు చేసే డీఎల్‌టీ సిస్టమ్‌లో రిజిస్టర్ చేసిన టెంప్లేట్‌కి మెసేజ్ సరిపోకపోతే ఆపరేటరే ఆపేస్తాడు. టెంప్లేట్ మీ బాధ్యత, ఆపరేటర్‌కి అందించడం వాళ్ల బాధ్యత అని విడగొట్టి రాయండి.

ఒంగోలు_ట్రంక్‌రోడ్: మరి గుంటలో రొయ్యలు పోతే? రైతు మిమ్మల్ని అడుగుతాడు, మీరు వాళ్లని అడగలేరా?

నైట్‌షిఫ్ట్_నెల్లూరు: పరోక్ష నష్టం మాది కాదని ఏ వెండరైనా ఒక లైను పెడతాడు. అది తీయించలేకపోతే, రైతుతో మీరు రాసుకునే కాగితంలోనూ మీ బాధ్యతకు హద్దు ఉండాలి.

చీమకుర్తి_రాయి: రైతు సంతకం పెడతాడా దాని మీద?

కావలి_గుంటగట్టు: పెట్టడు. ఉత్తుత్తి అలారానికి వాళ్లు ఈరోజే ఒప్పుకున్నారు. రాత్రి మనిషిని కూర్చోబెట్టడానికి నెలకు ఇంకో 18,000 అడుగుతున్నారు. మా పార్ట్‌నర్ వద్దంటున్నాడు, నాకేమో ఇచ్చేద్దామని ఉంది.