వేమన పద్యాల మీద చిన్న ట్రాన్స్‌ఫార్మర్: లాస్ 0.6కి దిగింది, రాసేది మాత్రం చెత్త

రవళి_మల్కాజ్‌గిరి
రెడీమేడ్ మోడల్ ఏదీ తీసుకోకుండా పైటార్చ్‌లో డీకోడర్ మొత్తం సొంతంగా రాశాను. నాలుగు లేయర్లు, నాలుగు హెడ్లు, ఎంబెడింగ్ 128, బ్లాక్ 256. డేటా వేమన పద్యాలు, వెయ్యికి పైనే ఉన్నాయి. అన్నీ కలిపితే లక్ష కోడ్‌పాయింట్లు దాటాయి. ఒకాబ్ 74, లాస్ 4.3 దగ్గర మొదలైంది, 74కి సహజ లాగరిథమ్ కూడా అంతే, అంటే అక్కడిదాకా లెక్క సరిగ్గానే ఉంది. ఇప్పుడు ట్రైన్ లాస్ 0.61, వాలిడేషన్ 0.64. రెండూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఓవర్‌ఫిట్ కూడా కాదు. కానీ జనరేట్ చేస్తే గుణింతాలు హల్లు లేకుండా తేలుతున్నాయి, స్క్రీన్ నిండా చుక్కల సున్నాలే. చాలా పద్యాల్లో వచ్చే "విశ్వదాభిరామ" కూడా సగంలో ఆగిపోతోంది. అటెన్షన్ భాగం ఇది:

```python
att = (q @ k.transpose(-2, -1)) / math.sqrt(k.size(-1))
att = F.softmax(att, dim=-1)
att = att.masked_fill(mask[:T, :T] == 0, 0.0)
y = att @ v
```

తప్పు ఎక్కడుంది? టెంపరేచర్ ఎంత పెట్టాలి? కోడ్‌పాయింట్ల బదులు అక్షరాలుగా విడగొట్టాలా? లెర్నింగ్ రేట్ 3e-4 సరిపోతుందా?

సుధీర్_కూకట్‌పల్లి
కోడ్‌లో ఏం తప్పు లేదు. డేటా చాలా తక్కువ, అదే సమస్య. టెంపరేచర్ 0.7 పెట్టి, టాప్-కే 10 పెట్టి చూడండి. నేను రెండేళ్లుగా అమీర్‌పేటలో పిల్లలకి ఇదే చెప్తున్నా, ఇలాంటి అవుట్‌పుట్ తెచ్చిన వాళ్లలో చాలామందికి డేటా పెంచితే కుదిరింది.

అక్షరప్రేమి
రవళి గారూ, మీ జబ్బు మీ ప్రశ్నలోనే ఉంది. గుణింతం గుర్తుని విడిగా ఒక ముక్కగా ఇస్తే అది ఒంటరిగా తేలక ఏం చేస్తుంది? "స్త్రీ" అన్నది మనకు ఒక్క అక్షరం. మీరు దాన్ని స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అని ఆరు ముక్కలు చేశారు. తెలుగు చదవడం వచ్చిన ఏ మనిషీ అలా చదవడు. అక్షరాలుగా విడగొట్టండి, చుక్కల సున్నా అనేదే ఉండదు.

పద్మజ_సైనిక్‌పురి
టెంపరేచరూ కాదు, అక్షరాలూ కాదు. మాస్క్ సాఫ్ట్‌మాక్స్ తర్వాత పడుతోంది. మోడల్ రాబోయే అక్షరాన్ని చూసేస్తోంది. ఇంత చిన్న డేటా మీద 0.6 రావడమే అనుమానించాల్సిన విషయం. వాలిడేషన్ కూడా అదే కోడ్‌లోంచి పోతుంది కాబట్టి అక్కడా చూసే రాస్తుంది, అందుకే రెండు లాస్‌లూ కలిసి దిగాయి. జనరేట్ చేసేటప్పుడు చూడటానికి రాబోయే అక్షరం ఉండదు, అక్కడ బోల్తా పడుతుంది.

ఒక పని చేయండి. లాస్‌ని సగటు చేయకుండా `reduction='none'` పెట్టి స్థానాల వారీగా ప్రింట్ చేయండి. బ్లాక్‌లో చిట్టచివరి స్థానం తర్వాత ఏమీ లేదు, కాబట్టి అది చెప్పే లాస్ ఒక్కటే నిజం.

సుధీర్_కూకట్‌పల్లి
మేడమ్, జీరో పెట్టాక రాబోయే వాల్యూకి వెయిట్ ఎక్కడుంది? సున్నాతో గుణిస్తే సున్నానే. ఆ అక్షరం `v` అవుట్‌పుట్‌లోకి రానే రాదు. -inf పెట్టడం ఒక అలవాటు, అంతే.

పద్మజ_సైనిక్‌పురి
`v` రాదు, నిజమే. `k` వస్తుంది. లెక్క వేసి చూడండి. గడిచిన రెండు స్థానాలకి ఎక్స్‌పొనెన్షియల్ తర్వాత 4, 2 వచ్చాయి అనుకుందాం. రాబోయే అక్షరానికి 2 వస్తే మొత్తం 8, కాబట్టి వెయిట్లు 0.5, 0.25. అదే స్థానంలో వేరే అక్షరం ఉండి 14 వస్తే మొత్తం 20, వెయిట్లు 0.2, 0.1. మీరు మూడోదాన్ని సున్నా చేసినా మొదటి రెండూ మారిపోయాయి కదా. వెయిట్ల మొత్తం ఒకసారి 0.75, ఇంకోసారి 0.3. రాబోయేది ఏ అక్షరమో ఆ మొత్తమే చెప్పేస్తోంది. నాలుగు లేయర్లలో పదహారు హెడ్లు ఉన్నాయి, ట్రైనింగ్‌లో మోడల్ ఈ దారి పట్టుకోకుండా ఉండదు.

సుధీర్_కూకట్‌పల్లి
0.5కి 0.25, 0.2కి 0.1, నిష్పత్తి రెండింట్లో ఒకటే. తర్వాత లేయర్‌నార్మ్ ఉంది, సైజు తేడాని అది తుడిచేస్తుంది. బేసిక్స్ తెలియకుండా మాట్లాడుతున్నానని అనుకోవద్దు.

పద్మజ_సైనిక్‌పురి
అలా ఎవరూ అనలేదు. లేయర్‌నార్మ్ కన్నా ముందు అటెన్షన్ అవుట్‌పుట్ రెసిడ్యువల్‌కి కలుస్తుంది. పాత విలువకి పెద్దది కలిపారా, చిన్నది కలిపారా అన్న తేడా నార్మ్ తర్వాత కూడా నిలుస్తుంది, ఎందుకంటే దిశే మారిపోతుంది. నేను 2019 నుంచి ఇలాంటి కెర్నల్స్ రాసే పనిలోనే ఉన్నాను. ఈ లీక్ నాకు కొత్త కాదు.

ఫణి_మియాపూర్
రవళి గారూ, మీరు ఏ ల్యాప్‌టాప్ వాడుతున్నారు? సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్‌ది ఒకటి చూశాను, 6 జీబీ జీపీయూ. ట్రాన్స్‌ఫార్మర్ నేర్చుకోవడానికి అది చాలా, 8 జీబీది వెతుక్కోవాలా?

చైతన్య_ఉప్పల్
ఫణి భాయ్, రవళి గారి మోడల్‌లో తొమ్మిది లక్షల పారామీటర్లు కూడా ఉండవు, 6 జీబీ చాలా ఎక్కువ. కొనేముందు ఫ్యాన్ చప్పుడు వినండి, పాతవాటిలో థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది.

సుధీర్ అన్న మాటలో సగం నిజం ఉంది. సున్నా చేశాక మిగిలిన వెయిట్ల మొత్తంతో మళ్లీ భాగిస్తే 0.5, 0.25 రెండూ 0.667, 0.333 అవుతాయి, 0.2, 0.1 కూడా అవే అవుతాయి. అప్పుడు -inf పెట్టినదానికీ దీనికీ తేడా లేదు. రవళి గారి కోడ్‌లో ఆ భాగహారం లేదు, అంతే.

సుధీర్_కూకట్‌పల్లి
నేను చెప్పింది అదే.

పద్మజ_సైనిక్‌పురి
భాగహారం గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. పైన చూసుకోండి.

రవళీ, వాదన వదిలేసి ఈ టెస్ట్ వెయ్యి అమ్మా. 20వ స్థానంలో ఒక్క అక్షరం మార్చి, దానికి ముందున్న స్థానాల లాజిట్స్ కదిలాయా లేదా చూడటమే.

```python
model.eval()
a = x[:1].clone()
b = a.clone()
b[0, 20] = (b[0, 20] + 1) % vocab_size
with torch.no_grad():
    d = (model(a) - model(b)).abs().amax(-1)[0]
print(d[:20].max(), d[20:].max())
```

మొదటి సంఖ్య సున్నా రావాలి. 1e-6 లాంటిది వచ్చినా పర్వాలేదు, అది ఫ్లోట్ లెక్కల తేడా.

నవీన్_దిల్‌సుఖ్‌నగర్
నా మోడల్ మీద వేశాను, మొదటి సంఖ్య 0.8 వచ్చింది! నాది -inf మాస్కే, సాఫ్ట్‌మాక్స్‌కి ముందే ఉంది. టెన్షన్ వస్తోంది, వారం తర్వాత ప్రాజెక్ట్ సబ్మిషన్.

పద్మజ_సైనిక్‌పురి
`model.eval()` లైన్ పెట్టారా? అది లేకపోతే రెండుసార్లూ డ్రాపౌట్ వేర్వేరుగా పడి అన్ని స్థానాలూ కదులుతాయి.

నవీన్_దిల్‌సుఖ్‌నగర్
ఆ లైన్ పెడితే 0.0 వచ్చింది. థాంక్యూ మేడమ్.

అక్షరప్రేమి
మాస్క్ సంగతి తేలిందేమో, నా మాటకి జవాబు రాలేదు. నేను అక్షరాలుగా విడగొట్టి శతక పద్యాల మీద ఇదే సైజు మోడల్ నడిపాను. ఒక్క చుక్కల సున్నా లేదు. బ్లాక్ 256 అంటే నాకు 256 అక్షరాలు. మీకు అందులో దాదాపు సగమే, రెండు మూడు పద్యాలు దాటదు.

చైతన్య_ఉప్పల్
మీ లాస్ ఎంత?

అక్షరప్రేమి
3.2. కోడ్‌పాయింట్ల వాళ్లు 1.6, 1.7 అంటారు, ఆ అంకె చూసి నన్ను వెనకబడ్డానంటారు. అది అన్యాయం.

చైతన్య_ఉప్పల్
అన్యాయమే, ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టకూడదు. మీ డేటాలో అక్షరానికి సగటున 2 కోడ్‌పాయింట్లు ఉంటే మీ 3.2 వాళ్ల లెక్కలో 1.6 అవుతుంది. వాలిడేషన్ టెక్స్ట్ మొత్తం లాస్‌ని కూడి, రెండు వైపులా కోడ్‌పాయింట్ల సంఖ్యతో భాగిస్తేనే పోలిక. కానీ ఒక మాట. లక్ష కోడ్‌పాయింట్ల డేటాలో "ష్ట్ర" లాంటివి ఎన్నిసార్లు వస్తాయి? ఒకసారో రెండుసార్లో వచ్చిన అక్షరానికి ఎంబెడింగ్ ఏం నేర్చుకుంటుంది? కోడ్‌పాయింట్లలో ష, ట, ర అన్నీ చాలాసార్లు వస్తాయి. వాలిడేషన్‌లో కొత్త సంయుక్తాక్షరం వస్తే మీ ఒకాబ్‌లో అది ఉండనే ఉండదు.

అక్షరప్రేమి
అలాంటి పద్యాలని వాలిడేషన్‌లోంచి తీసేశాను.

చైతన్య_ఉప్పల్
కష్టమైనవి తీసేసి కొలిస్తే అది కొలత ఎలా అవుతుందండీ?

అక్షరప్రేమి
డేటా శుభ్రం చేసుకోవడం తప్పని మీరంటే ఇక నేను మాట్లాడను. ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పాను, అక్షరం అంటే ఏమిటో నాకు యూనికోడ్ నేర్పక్కర్లేదు.

రవళి_మల్కాజ్‌గిరి
అందరికీ థాంక్స్. ముందు పద్మజ గారు చెప్పినట్టు స్థానాల వారీగా లాస్ ప్రింట్ చేశాను. మధ్య స్థానాల్లో 0.5, 0.6. చివరిదైన 255వ స్థానంలో ఒక్కసారిగా 3.4! టెస్ట్‌లో మొదటి సంఖ్య 2.9. అప్పుడు లైన్లు ఇలా మార్చి మళ్లీ ట్రైన్ చేశాను:

```python
att = att.masked_fill(mask[:T, :T] == 0, float('-inf'))
att = F.softmax(att, dim=-1)
```

టెస్ట్ 0.0. చివరి స్థానం లాస్ మిగతావాటితో కలిసిపోయింది. ట్రైన్ 1.27, వాలిడేషన్ 1.62 దగ్గర ఆగింది, ఇంకా నడిపితే వాలిడేషన్ పైకి పోతోంది. లాస్ పెరిగింది, అవుట్‌పుట్ మాత్రం ఇప్పుడే తెలుగులా ఉంది: "కలిమి లేని వాని గనుటెల్ల వీడురా". అర్థం లేదు, కానీ చుక్కల సున్నా ఒక్కటి లేదు, కోడ్‌పాయింట్లే వాడాను.

సుధీర్_కూకట్‌పల్లి
ఓవర్‌ఫిట్ మొదలైంది కదా, డేటా తక్కువని మొదటే చెప్పాను. టెంపరేచర్ ఎంత పెట్టారు?

పద్మజ_సైనిక్‌పురి
ఇప్పుడు డేటా మాట సరైనదే. రవళీ, 1.62 చూసి కూడా తొందరపడకు. నాలుగు పాదాల్లో ఒకటి మకుటం. "విశ్వ" రాగానే మిగతాదంతా మోడల్‌కి కంఠతా వచ్చు, అక్కడ లాస్ సున్నాకి దగ్గర. నాలుగో వంతు సున్నా అనుకుంటే మిగతా మూడు పాదాల లాస్ 2.16 దాకా ఉంటుంది. మకుటం స్థానాలని టార్గెట్స్‌లో `-100` చేస్తే `cross_entropy` వాటిని వదిలేస్తుంది, వాలిడేషన్‌ని అలా కొలువు. ట్రైనింగ్‌లో మకుటం ఉండనీ, రాయాలి కదా.

నవీన్_దిల్‌సుఖ్‌నగర్
వాలిడేషన్‌కి పద్యాలు ఎలా విడగొట్టారు? చివరి పది శాతమా, కలిపేసి తీశారా?

రవళి_మల్కాజ్‌గిరి
కలిపేసి తీశాను, పద్యం పద్యంగా.

చైతన్య_ఉప్పల్
అయితే పాఠాంతరాలు చూసుకోండి. వేమన పద్యాల్లో ఒకే పద్యం రెండు మూడు చోట్ల ఒకటి రెండు మాటల తేడాతో దొరుకుతుంది. ఒకటి ట్రైన్‌లో, ఇంకోటి వాలిడేషన్‌లో పడితే 1.62 కూడా నమ్మలేం. మొదటి పాదం పోల్చి, దగ్గరగా ఉన్నవన్నీ ఒకే వైపు పడేలా విడగొట్టి మళ్లీ నడపండి.

ఫణి_మియాపూర్
ఆ 6 జీబీదానికి ఎంత వరకు పెట్టొచ్చు అన్నా?