సీసీ ఖాతాకు స్టాక్ స్టేట్‌మెంట్: షెడ్డులో ఉన్న బస్తాలన్నీ రాయొచ్చా?

మిర్యాలగూడ_మిల్లు
మాది బియ్యం మిల్లు. సరుకు మీద బ్యాంకిచ్చిన క్యాష్ క్రెడిట్, అదే సీసీ లిమిట్ 2 కోట్లు, వాడుకున్నది 1 కోటి 62 లక్షలు. ఈ నెల మా సొంత వడ్లు బాగా తగ్గినయి. ఆడించి బియ్యం తిరిగి ఇమ్మని సర్కారు ఇచ్చిన సీఎంఆర్ వడ్లు మన షెడ్డులోనే ఉన్నయి కదా, అవి కూడా కలిపి, నెలనెలా సరుకెంతుందో బ్యాంకుకు చెప్పే స్టాక్ స్టేట్‌మెంట్ ఇచ్చేద్దాం అంటున్నడు మా గుమాస్తా. నాన్నకు అభ్యంతరం లేదు, నాకే మనసొప్పుతలేదు. వడ్డీ టైముకు కడుతున్నం, బ్యాంకుకు వచ్చే నష్టమేంది? అందరూ ఇట్లనే చేస్తరా?

కిరాణా_హోల్‌సేల్
తమ్ముడూ, అనవసరంగా భయపడుతున్నావు. స్టాక్ స్టేట్‌మెంట్ అనేది ఫైల్లో పెట్టుకునే కాగితం. బ్యాంకు అసలు ధైర్యమంతా మన ఇల్లూ, స్థలమూ తాకట్టులో ఉండటమే. మా అప్పుకి రెండింతల ఆస్తి వాళ్ల దగ్గరుంది. నెలాఖరులో డీపీ, అంటే సరుకునీ బాకీలనీ చూపి తీసుకోగల మొత్తం, తగ్గుతుంటే మా బ్రాంచి వాళ్లే ఫోన్ చేసి "కాస్త చూసి రాయండి సార్" అంటారు. వాళ్లకి లేని బాధ నీకెందుకు?

లోన్‌సెక్షన్_రిటైర్డ్
ఆస్తి తాకట్టు సంగతి నిజమే, కానీ దానికీ డీపీకీ సంబంధం లేదు. శాంక్షన్ లిమిట్, డీపీ రెండింట్లో ఏది తక్కువైతే అంతవరకే తీసుకునే హక్కు. ఖాతా సక్రమంగా ఉందా లేదా అన్నది ఆ తక్కువ అంకెతోనే కొలుస్తారు. ఇల్లు 5 కోట్లదైనా ఆ లెక్కలోకి రాదు.

మిల్లు బాబూ, మీ అంకెలు నాకు తెలియవు కాబట్టి నేనే కొన్ని వేసి చూపిస్తాను. సొంత వడ్లు 4,000 క్వింటాళ్లు, క్వింటా 2,300 చొప్పున 92 లక్షలు. బియ్యం, నూకలు, తౌడు కలిపి 50 లక్షలు అనుకోండి. మొత్తం 142 లక్షలు. ఇందులో కమీషన్ ఏజెంట్లకు మీరింకా ఇవ్వాల్సింది 38 లక్షలు ఉందనుకుందాం. ఆ మేరకు సరుకు మీ డబ్బుతో కొన్నది కాదు కనుక తీసేస్తారు, 104 లక్షలు మిగులుతుంది. దాని మీద బ్యాంకు అప్పివ్వకుండా మీ వాటాగా వదిలే 25 శాతం మార్జిన్ పోతే 78 లక్షలు. బియ్యం అమ్మిన బాకీలు 90 రోజుల లోపువి 70 లక్షలు ఉంటే, 40 శాతం మార్జిన్ తీసి 42 లక్షలు. డీపీ 120 లక్షలు. మార్జిన్ల శాతాలు మీ శాంక్షన్ లెటర్లో వేరేగా ఉండొచ్చు, అది తీసి చూసుకోండి.

మీరు వాడుకున్నది 162. అంటే 42 లక్షలు ఎక్కువలో ఉన్నారు. ఇప్పుడు 3,000 క్వింటాళ్ల సీఎంఆర్ వడ్లు కలిపారనుకోండి, 69 లక్షల సరుకు పెరుగుతుంది, మార్జిన్ పోను డీపీ 51 లక్షల 75 వేలు పెరిగి 171 లక్షల 75 వేలు అవుతుంది. ఖాతా చక్కగా ఉన్నట్టు కనపడుతుంది. మీ గుమాస్తా గణితం సరిగానే ఉంది. సరుకే మీది కాదు.

సీఎంఆర్ వడ్లు పౌర సరఫరాల సంస్థవి. మీరు ఆడించి క్వింటాకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పగించాలి. మీకు వచ్చేది ఆడించిన కూలి. అలాంటి సరుకు మీద బ్యాంకుకు హక్కు రాసివ్వడం మీ చేతుల్లో లేదు. రేపు అప్పు మొండికేసి బ్యాంకు వాళ్లు షెడ్డు తాళం వేయడానికి వస్తే, సివిల్ సప్లయిస్ వాళ్లు కాగితాలతో ఎదురొస్తారు. అప్పుడు మీ సంతకం ఉన్న స్టేట్‌మెంట్లే మీ మీద సాక్ష్యం అవుతాయి. మోసం కేసు దాకా పోవడానికి వడ్డీ ఎగ్గొట్టి ఉండాల్సిన పని లేదు.

మిర్చి_కోల్డ్‌స్టోర్
గుంటూరు నుంచి. మాకు ఈ గొడవే లేదండి. సరుకంతా కోల్డ్ స్టోరేజీలోనే ఉంటుంది, రసీదు బ్యాంకు దగ్గర ఉంటుంది, బ్యాంకు డెలివరీ ఆర్డర్ ఇస్తేనే టిక్కీ బయటికి వస్తుంది. నెలనెలా స్టేట్‌మెంటు ఇచ్చే పనే లేదు. మీరూ అలా పెట్టుకోవచ్చు కదా, ఎందుకు తలనొప్పి? కానీ ధర పడిపోయినప్పుడు మాత్రం మా బ్యాంకు వాళ్లు తేడా డబ్బు కట్టమని వెంటపడ్డారు. దాని మీద ఎవరైనా చెప్పగలరా?

లోన్‌సెక్షన్_రిటైర్డ్
మీది తాకట్టు, సరుకు మీ చేతిలో లేదు. మిల్లు వాళ్లది హైపోథికేషన్, సరుకు వాళ్ల షెడ్డులోనే ఉంటుంది, రోజూ ఆడుతుంది, అమ్ముడుపోతుంది. రోజుకు ఇన్ని లారీలు దిగే చోట ప్రతి బస్తాకీ బ్యాంకు అనుమతి అంటే మిల్లు ఆగిపోతుంది. సరుకు మీద చెయ్యి వేయకుండా బ్యాంకు నమ్ముతోంది గనకే ఆ నెలవారీ కాగితానికి అంత బరువు. ధర పడినప్పుడు తేడా అడగడం మీ శాంక్షన్ లెటర్లోనే రాసి ఉంటుంది. దానికి వేరే థ్రెడ్ పెట్టండి, ఇక్కడ కలిస్తే గందరగోళం.

ఆడిట్_ఆఫీస్_సునీత
మేము బ్యాంకుల తరఫున స్టాక్ ఆడిట్లకు వెళ్తుంటాం, అందుకే ఒక మాట. దొంగ లెక్క బస్తాలు లెక్కపెట్టినప్పుడే బయటపడుతుందని అనుకుంటారు. నిజానికి చాలాసార్లు మిల్లులో అడుగుపెట్టకముందే తెలిసిపోతుంది. కరెంటు బిల్లులో యూనిట్లు చూస్తే ఆ నెల ఎంత ఆడించారో అంచనా వస్తుంది. జీఎస్టీ రిటర్నుల్లో అమ్మకాలు, కొనుగోళ్ల బిల్లులు, కాటా రసీదులు చూస్తాం. పోయిన నెల ముగింపు స్టాకుకు కొన్నది కలిపి, ఆడించింది తీసేస్తే ఈ నెల ఎంత ఉండాలో కాగితం మీదే తేలుతుంది. బుద్ధిమంతుడైన గుమాస్తా నాలుగు నెలలు వరసగా అబద్ధం రాస్తే ఈ గొలుసు తెగుతుంది. ఎక్కడో ఒక నెలలో కొనుగోలు లేకుండానే వడ్లు పుడతాయి.

షెడ్డులోకి వెళ్తే నెట్టు పొడవులో ఎన్ని బస్తాలు, వెడల్పులో ఎన్ని, ఎత్తు ఎన్ని వరసలు చూసి గుణిస్తాం. ఓసారి ఓ మిల్లులో బయటి వరసలు గోడలా నిండుగా ఉన్నాయి, మా కుర్రాడు హమాలీతో కలిసి పైకెక్కి చూస్తే మధ్యలో గొయ్యి. సీఎంఆర్ బస్తాలకైతే ఇంత కష్టం కూడా అక్కర్లేదు. ప్రభుత్వం ఇచ్చిన గోనెల మీద ముద్ర ఉంటుంది, కేటాయింపు కాగితాలు మీ రికార్డులోనే ఉంటాయి.

కిరాణా_హోల్‌సేల్
మేడమ్, ఆడిట్లు పెద్ద లిమిట్లకే వస్తాయి. 2 కోట్లకి ఎవరొస్తారు? మరీ భయమైతే స్టేట్‌మెంటే ఇవ్వకుండా రెండు నెలలు గడపొచ్చు, పాత అంకే నడుస్తుంది.

లోన్‌సెక్షన్_రిటైర్డ్
రెండు నెలలు నడుస్తుంది, ఆ మాట వరకు సరే. కానీ డీపీకి ఆధారమైన స్టేట్‌మెంటు మూడు నెలలు దాటి పాతబడితే, దాని మీద ఉన్న బాకీ మొత్తాన్ని ఇర్రెగ్యులర్‌గా చూడాలని ఆర్‌బీఐ నిబంధన. అలాగే 90 రోజులు కొనసాగితే ఖాతా మొండి బాకీ, అదే ఎన్‌పీఏ. వడ్డీ పైసా బాకీ లేకపోయినా సరే. ఫైల్లో కాగితం అంటున్నారు, ఆ కాగితం లేకపోవడమే ఖాతాను ముంచుతుంది.

బ్రాంచి వాళ్లే ఫోన్ చేసి చెప్పారన్నారు, అలా చెప్పేవాళ్లు ఉన్నారు, కాదనను. ఫోన్ మాటకు సంతకం ఉండదు. మేనేజర్ రెండేళ్లలో బదిలీ అవుతాడు, కొత్తగా వచ్చినాయన మీ ఫైలు మొదటి పేజీ నుంచి చదువుతాడు.

ఆడిట్_ఆఫీస్_సునీత
ఆడిటర్ రాకపోయినా ఇంకో దారిలో తగులుతుంది. మా క్లయింటు ఒకాయనది జిన్నింగ్ మిల్లు. అసలు పత్తి 1 కోటి 40 లక్షలది, పాలసీ కూడా అంతకే. బ్యాంకుకు మాత్రం 1 కోటి 90 లక్షలు అని రాసిచ్చాడు. మంటల్లో 60 లక్షల పత్తి కాలిపోయింది. సర్వేయర్ బ్యాంకు నుంచి స్టేట్‌మెంటు తెప్పించుకుని, మీ మాట ప్రకారమే సరుకు 190, పాలసీ 140 మాత్రమే, తక్కువకు ఇన్సూరెన్స్ చేశారు అన్నాడు. ఆ నిష్పత్తిలో 60 కాస్తా దాదాపు 44 లక్షలైంది. "అది బ్యాంకు కోసం ఉబ్బించాం సార్, అసలుది 140" అని చెప్పాలంటే బ్యాంకు ముందు అబద్ధం ఒప్పుకోవాలి. సర్వేయర్ అలా బ్యాంకు కాగితం ఒక్కటే పట్టుకోవడం సరికాదని, బుక్స్ చూడాల్సిందేనని మేం వాదిస్తున్నాం. ఇంకా తేలలేదు.

ఆదాయపన్నులో కూడా ఇదే తగవు. బ్యాంకుకు చూపిన స్టాకు బుక్స్‌లో కంటే ఎక్కువుంటే ఆ తేడా లెక్క చూపని పెట్టుబడి అని ఆఫీసర్ పన్ను వేస్తాడు. హైపోథికేషన్ కాబట్టి ఉబ్బించి రాశాం, సరుకు నిజంగా లేదు అన్న వాదనను కొన్ని తీర్పులు ఒప్పుకున్నాయి, కొన్ని ఒప్పుకోలేదు. మీరు ప్రైవేటు లిమిటెడ్ అయితే మూడు నెలలకోసారి బ్యాంకుకిచ్చిన లెక్క బుక్స్‌తో కలిసిందో లేదో ఖాతాల్లోనే రాయాలి, 5 కోట్లు దాటిన లిమిట్లకు ఆడిటర్ కూడా విడిగా చెప్పాలి.

మిర్యాలగూడ_మిల్లు
సీఎంఆర్ కలపను, అది అర్థమైంది. మీరు వేసిన అంకెలు మావాటికి దగ్గరగనే ఉన్నయి. మరి నిజం రాస్తే 42 లక్షలు ఎక్కడినుంచి తేవాలి? ఆ రోజే చెక్కులు ఆపేస్తరు కదా?

లోన్‌సెక్షన్_రిటైర్డ్
ఆపొచ్చు. అందుకే కాగితం ఇవ్వకముందే మేనేజర్‌ని కలవండి. నిజమైన స్టేట్‌మెంటు, ఒప్పందాలున్న అమ్మకాల జాబితా, ఏ బాకీ ఏ వారం వస్తుందో రాసి తీసుకెళ్లండి. కొన్నాళ్ల పాటు ఉండే అడ్‌హాక్ లిమిట్ అడగొచ్చు, కానీ అది కూడా సరుకు ఉంటేనే. మీ దగ్గర ఉన్న దారి బాకీలు వసూలు చేయడం, బియ్యం అమ్మడం, సీఎంఆర్ ఆడించిన కూలి బిల్లు పెట్టి వచ్చింది ఖాతాలోనే జమ చేయడం. ఒకటి గమనించండి, బియ్యం అమ్మి ఆ డబ్బు మొత్తం ఖాతాలో కట్టినా స్టాకు తగ్గుతుంది కాబట్టి డీపీ కూడా తగ్గుతుంది. 10 లక్షల బియ్యం అమ్మితే బ్యాంకు అప్పు 10 తగ్గుతుంది, డీపీ 7 లక్షల 50 వేలు తగ్గుతుంది. తేడా రెండున్నర లక్షలే పూడుతుంది. బాకీలు వసూలైతే ఇంకాస్త నయం, 10కి 4 లక్షలు. ఈ లెక్క తెలియక చాలామంది అంతా అమ్మేసి ఇంకా ఎందుకు సరిపోలేదని బ్యాంకు మీద కోప్పడతారు.

బ్యాంకు హెచ్చరిక మెట్లు ఇవి: ఎక్కువలో 30 రోజులు దాటితే ఎస్‌ఎంఏ-1, 60 దాటితే ఎస్‌ఎంఏ-2, 90 దాటితే ఎన్‌పీఏ. నిజం చెప్పినవాడికి ఆ వ్యవధి చేతిలో ఉంటుంది.

కిరాణా_హోల్‌సేల్
ఇదంతా వింటే బ్యాంకు సీజన్‌లో ఇచ్చి అన్‌సీజన్‌లో గొంతు పట్టుకున్నట్టే ఉంది. నిజం చెప్పినవాడికి ఎస్‌ఎంఏ, అబద్ధం చెప్పినవాడికి రెన్యువల్. ఇదెక్కడి న్యాయం?

ఆడిట్_ఆఫీస్_సునీత
ఆ మాటలో కొంత నిజముంది. సీజనుకొక లిమిట్, అన్‌సీజనుకొక లిమిట్ అని విడివిడిగా శాంక్షన్ చేసే పద్ధతి బ్యాంకుల్లో ఉంది, కానీ అడగనివాళ్లకి ఎవరూ ఇవ్వరు. మిల్లు బాబూ, రెన్యువల్‌లో అది పెట్టించుకోండి. ఈలోగా ఆ 38 లక్షల కమీషన్ ఏజెంట్ల బాకీ కాగితం మీద కూడా సరిగ్గా చూపించండి. దాన్ని దాచి స్టాకును మాత్రం నిజం రాసేవాళ్లే నాకు ఎక్కువగా తగులుతుంటారు.

మిర్యాలగూడ_మిల్లు
అది కూడా దాచమనే అన్నడు గుమాస్తా.