సంచి పడేసి తోసి పారిపోయినవాడు చేసింది దొంగతనమా, దోపిడీయా?

న్యాయశాస్త్ర విద్యార్థిని, తిరుపతి: తిరుపతి బస్టాండులో నిద్రపోతున్న యాత్రికుడి తల దగ్గరి సంచిని ఒకడు తీసుకుని నడవసాగాడు. యాత్రికుడు లేచి వెంటపడి చొక్కా పట్టుకోగానే, వాడు సంచిని కింద పడేసి, ఆయనను తోసి పారిపోయాడు. మోచెయ్యి గీరుకుపోయింది. ఇది దోపిడీయేనా?

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్: నిస్సందేహంగా దోపిడీయే. చౌర్యానికి దెబ్బ తోడైతే అది దోపిడీ అవుతుందని మా సర్వీసంతా చూశాం.

న్యాయవాది, చిత్తూరు: దెబ్బ ఉండాలన్నది నిజమే కానీ, అది దేనికోసం కొట్టిన దెబ్బ అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 309వ సెక్షను, పాత భారతీయ శిక్షాస్మృతిలోని 390వ సెక్షనులాగే, దొంగతనం చేయడానికో, చేస్తూనో, దొంగిలించిన వస్తువును పట్టుకుపోవడానికో ఆ ఉద్దేశంతోనే దెబ్బ కొట్టి ఉండాలంటుంది. కొట్టబోవడమైనా, అక్కడికక్కడే కొడతానని భయపెట్టడమైనా చాలు. దురుద్దేశంతో సంచిని కదిపిన క్షణానే దొంగతనం పూర్తయింది కాబట్టి, సంచి తిరిగి దొరికిందన్న వాదన వాడికి పనికిరాదు. అయితే సంచిని వదిలేశాక తోసింది తాను తప్పించుకోవడానికే తప్ప సంచికోసం కాదు. కనుక నా లెక్కన ఇది దొంగతనం, దానికి వేరుగా గాయపరచిన నేరం.

మామిడి వ్యాపారి, దామలచెరువు: మరి మా సంగతి చెప్పండి సార్. డబ్బు పంపకపోతే మండీ నుంచి లారీని కదలనివ్వనని ఒకడు ఫోనులో బెదిరిస్తే, మరునాడు మా బావమరిది ఫోన్‌లోనే డబ్బు వేశాడు. ఇది దోపిడీ కాదా?

న్యాయవాది, చిత్తూరు: కాదండీ, అది 308వ సెక్షను కింద బెదిరించి వసూలు చేయడం. మీ బావమరిది గారు భయంతోనే అయినా డబ్బు తామే ఇచ్చారు; దొంగతనంలో ఎవరూ ఇవ్వరు, వాడే తీసుకుంటాడు. అదే మనిషి మండీకి వచ్చి, కత్తి చూపి అప్పటికప్పుడు గల్లాపెట్టెలోని డబ్బు ఇప్పించుకుని ఉంటే, ఇచ్చింది మీరే అయినా అది దోపిడీ అయ్యేది. ఎదురుగా ఉండటం, తక్షణ భయం, అక్కడికక్కడే చేతికి అందడం, ఈ మూడూ కలవాలి.

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్: సరే, సంచి సంగతికే వద్దాం. వాడు ఎడమచేత్తో సంచి పట్టుకునే కుడిచేత్తో తోశాడనుకోండి. నాలుగడుగులు పోయాక సంచి జారిపోయింది. అప్పుడేమంటారు?

న్యాయవాది, చిత్తూరు: అప్పుడు నేనైతే దోపిడీ అనే వాదిస్తాను, సంచిని పట్టుకుపోవడానికే తోశాడని. చొక్కా విడిపించుకోవడానికే తోశాడు, సంచి చేతిలో ఉండిపోయిందంతే అని అవతలి వకీలు అంటారు. రెండు వాదనలకూ బలం ఉంది.

న్యాయశాస్త్ర విద్యార్థిని, తిరుపతి: అంటే యాత్రికుడి మొదటి వాంగ్మూలంలో తోపు ముందా, సంచి పడటం ముందా అన్నది రాయకపోతే, అభియోగం ఎటైనా తిరగవచ్చన్నమాట.

విశ్రాంత హెడ్ కానిస్టేబుల్: ఆ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువే, ఒప్పుకుంటాను. తోసినవాడు దొంగే కదా అని రాసేస్తారు.