గేటు దగ్గర 5:46కి నొక్కితే లేట్ ఎలా పడింది?

ఉప్పుటేరు తమ్ముడు:
మా అక్క భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో గ్రేడింగ్ పని చేస్తుంది. షిఫ్టు పొద్దున 6 గంటలకి. కంపెనీ బస్సు 5:45కల్లా గేటు దగ్గర దింపేస్తుంది. దిగగానే ఫోన్లో యాప్ తెరిచి `Clock in` నొక్కుతుంది. అయినా పోయిన నెలలో తొమ్మిది రోజులు `LATE` అని పడి, జీతంలో 635 రూపాయలు తగ్గాయి. అదే బస్సులో దిగిన వాళ్లకి పడలేదు. ఆ బటన్ అసలు ఏం రాస్తుంది? లేట్ అని ఎవరు తేలుస్తారు?

పాలకొల్లు బాబాయి:
లొకేషన్ ఆఫ్‌లో పెట్టి ఉంటుంది బాబూ. మా అబ్బాయికీ ఇలాగే అయింది. యాప్‌లో గేటు చుట్టూ ఒక గీత గీసి ఉంటుంది, ఆ గీత బయట నొక్కితే ఒప్పుకోదు. ఫోన్ సెట్టింగ్స్‌లో లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచమను, సరిపోతుంది. ఇంకోటి, మూడు లేట్లు పడితే అర రోజు జీతం కోసుకోవచ్చని చట్టమే ఉంది. కాబట్టి 635తో పోయిందంటే నయమే.

ఆకివీడు అమ్మాయి:
మా అమ్మది కూడా ఇదే బాధ అండి. రొయ్యలు వలిచీ వలిచీ, ఐసులో నానీ నానీ వేళ్ల గీతలు అరిగిపోయాయి. వేలిముద్ర మెషీన్ ముందు నిలబడి నాలుగైదు సార్లు పెట్టాలి. వెనక క్యూలో వాళ్లు విసుక్కుంటారు. చివరికి పడేసరికి టైమ్ దాటిపోతుంది. మెషీన్ మార్చమని ఎవరిని అడగాలి?

టైమాఫీసు:
ఆకివీడు అమ్మాయి గారూ, మీ అమ్మగారిది వేరే సమస్య. వేలిముద్ర పడని వాళ్లకి కార్డు గానీ ముఖం చూసే పద్ధతి గానీ పెట్టమని టైమ్ ఆఫీసుకి రాతపూర్వకంగా ఇవ్వండి. పడే వరకు ఎన్నిసార్లు పెట్టారో చాలా మెషీన్ల రికార్డులో ఉంటుంది, అది కూడా అడగండి.

బాబాయి గారు చెప్పిన గీత సంగతి నిజమే. కానీ బయట నుంచి నొక్కితే సాధారణంగా పంచ్ తీసుకోదు, లేదంటే వేరే గుర్తు పెడుతుంది. లేట్ అని వేయదు. మూడు లేట్లకి అర రోజు అనేది చాలాచోట్ల కంపెనీలు పెట్టుకున్న రూలు, చట్టం కాదు. పనిలో లేని సమయం ఎంతో దానికి తగ్గట్టే కోయాలని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే ఉండేది. ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ అదే మాట ఉంది. పది నిమిషాలు ఆలస్యమైతే నాలుగు గంటల జీతం కోయడానికి అందులో దారి లేదు.

తమ్ముడూ, ఊహించుకుంటూ కూర్చుంటే తేలదు. ఆ తొమ్మిది రోజుల తేదీలు చెప్పు. వరసగా వచ్చాయా, అక్కడక్కడా వచ్చాయా? హెచ్ఆర్ వాళ్లని ఒక్క రోజు పంచ్ రికార్డు మొత్తం ఇమ్మని అడుగు. మీ అక్క ఫోన్లో కనిపించే స్క్రీన్ చాలదు.

ఉప్పుటేరు తమ్ముడు:
వరసగానే వచ్చాయండి. 12 నుంచి 21 వరకు, మధ్యలో వారం సెలవు ఒకటి. రికార్డు అడిగితే ముందు ఇవ్వలేదు, రెండోసారి అక్కే వెళ్లి అడిగితే ఒక రోజుది ఇచ్చారు. ఇదిగో:

```
scheduled_start  06:00:00
captured_at      05:46:12
received_at      06:07:35
status           LATE
payable_start    06:15:00
```

టైమాఫీసు:
అంతా ఇందులోనే ఉంది. నిదానంగా చూడు.

మీ అక్క బటన్ నొక్కిన క్షణం `captured_at`. అది ఫోన్లో రాసుకున్నది. ఆ సంగతి కంపెనీ సర్వర్‌కి చేరిన క్షణం `received_at`. నెట్ బాగుంటే ఈ రెండింటి మధ్య ఒకటి రెండు సెకన్లే ఉంటుంది. ఇక్కడ 21 నిమిషాలు పైనే ఉంది. అంటే నొక్కినప్పుడు ఫోన్లో నెట్ లేదు. పంచ్ ఫోన్లోనే ఉండిపోయి, తరవాత ఎప్పుడో నెట్ తగలగానే వెళ్లింది.

`status` అనేది మీ అక్క చేసిన పని కాదు, ఎవరో చూసి రాసిందీ కాదు. షిఫ్టు టైమ్ పక్కన ఒక టైమ్ పెట్టి సిస్టమ్ తీసిన లెక్క. ఏ టైమ్ పెట్టాలన్నది సెట్టింగ్. మీ ప్లాంటులో సర్వర్‌కి చేరిన టైమ్ పెట్టారు. 6:07 కాబట్టి, ఐదు నిమిషాల మినహాయింపు ఉన్నా దాటిపోయింది. దాటాక తరవాతి పావుగంటకి నెట్టేస్తున్నారు, అందుకే జీతం లెక్క 6:15 నుంచి మొదలైంది. అదే 5:46 పెట్టి ఉంటే ముందుగా వచ్చినట్టు తీసుకుని 6:00 నుంచి లెక్కేసేది.

ఇప్పుడు అక్కని ఒకటే అడుగు. 12 నుంచి 21 వరకు ఆమె డేటా ప్యాక్ ఉందా?

ఉప్పుటేరు తమ్ముడు:
లేదండి. 11 రాత్రితో అయిపోయింది, 21 సాయంత్రం నేనే రీఛార్జ్ చేశాను. బట్టలు మార్చుకునే గదిలో ఆఫీసు వైఫై వస్తుందట, అక్కడికి వెళ్లేసరికి దానంతటదే కలుస్తుందంది. నొక్కినప్పుడు పక్కన చిన్న గడియారం బొమ్మ, `Pending sync` అని కనపడేదట. ఎక్కిందనే అనుకుంది.

టైమాఫీసు:
తేలిపోయింది. గేటు నుంచి తనిఖీ క్యూ దాటి ఆ గదికి చేరడానికి పట్టిన సమయమే ఆ 21 నిమిషాలు. మనిషి ఆలస్యంగా వస్తే తేదీలు చెల్లాచెదురుగా ఉంటాయి, బస్సు ఆలస్యమైతే బస్సులో అందరికీ పడుతుంది. ఒక్కరికే, రీఛార్జ్ లేని రోజుల్లోనే, వరసగా పడితే అది నెట్ వల్లే.

డబ్బు లెక్క కూడా చూద్దాం. రోజు కూలి ఎంత? అటెండెన్స్ బోనస్ ఏమైనా ఉందా?

ఉప్పుటేరు తమ్ముడు:
8 గంటలకి 480. నెలలో మూడు లేట్లు మించకపోతే 500 బోనస్.

టైమాఫీసు:
గంటకి 60, పావుగంటకి 15. తొమ్మిది రోజులకి 135. మిగతా 500 బోనస్. మొత్తం నీ 635.

ఇక్కడ చాలామంది మోసపోతారు. 135 పోయింది `payable_start` వల్ల. 500 పోయింది `status` వల్ల. ఒకే పంచ్ నుంచి వచ్చినా, ఇవి రెండు వేరే దారుల్లో జీతంలోకి వెళ్తాయి. మీ అక్క వెళ్లి చెప్తే సూపర్‌వైజర్ జాలిపడి టైమ్‌ని 6:00కి మారుస్తాడు. గంటలు సరిపోతాయి. కానీ చాలా సిస్టమ్‌లలో లేట్ ముద్ర ఒకసారి పడ్డాక అలాగే ఉండిపోతుంది. మళ్లీ లెక్కించమంటేనే మారుతుంది. బోనస్ లెక్క ఆ ముద్రల్నే చూస్తుంది. కాబట్టి "టైమ్ మార్చండి" అనొద్దు. "తొమ్మిది రోజుల స్టేటస్ మళ్లీ లెక్కించండి" అని రాసివ్వండి.

షిఫ్టు ఇన్‌చార్జి:
నేను ఇలాంటి ప్లాంటులోనే ఇన్‌చార్జిని, మా వైపు నుంచి కూడా వినండి. ఫోన్ టైమ్ నమ్మితే ఏం జరిగిందో నేను కళ్లారా చూశాను. డేటా ఆపేసి, ఫోన్ గడియారం అరగంట వెనక్కి తిప్పి, తాపీగా 6:20కి వచ్చి నొక్కేవాళ్లు. మా లైన్లో ఐసు కరుగుతుంటుంది, సరుకు ఆగదు. సమయానికి వచ్చిన వాళ్ల మీద ఆ పని పడేది. అందుకే సర్వర్ టైమ్ పెట్టించాం. ఒకరిద్దరికి అన్యాయం జరిగితే మాకు చెప్పాలి, దిద్దుతాం. అంతేగానీ ఫోన్ చెప్పిందే నిజమంటే ఎలా?

ఇంకో మాట. ఆమె 5:46కి గేటు దగ్గర ఉంది, నిజమే. 6 గంటలకి బల్ల దగ్గర ఉందా? లేదు. 6:07కి ఇంకా బట్టలే మార్చుకుంటోంది.

టైమాఫీసు:
ఇన్‌చార్జి గారూ, గడియారం తిప్పడం నేనూ చూశాను, మీ భయం కాదనను. కానీ దానికి మందు వేరే ఉంది. ఫోన్ ఆన్ అయినప్పటి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో లోపల ఒక లెక్క నడుస్తుంటుంది. గడియారం తిప్పినా అది మారదు. నొక్కినప్పుడు ఆ లెక్క ఎంతో, పంపేటప్పుడు ఎంతో యాప్ రెండూ రాసుకుంటే, మధ్యలో గడిచింది 21 నిమిషాలని ఖాయంగా తెలుస్తుంది. చేరిన టైమ్ మీ సర్వర్‌దే కదా, అందులోంచి 21 నిమిషాలు తీసేస్తే నొక్కిన టైమ్ వస్తుంది. మధ్యలో ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే లెక్క మొదటికొస్తుంది. అలాంటి పంచ్‌లని మాత్రం మనిషి చూడాలి. మీ యాప్ వాళ్లని ఇది రాసుకుంటోందా అని అడగండి. అందరినీ ఒకే గాటన కట్టి సర్వర్ టైమ్ పెడితే, దొంగకీ రీఛార్జ్ లేని మనిషికీ ఒకే శిక్ష పడుతోంది.

పాలకొల్లు బాబాయి:
అయితే జీతం కోయడానికి చట్టం ఒప్పుకోదన్నమాట. ఆ 500 కూడా ఇచ్చి తీరాలి కదా?

టైమాఫీసు:
135 సంగతి సూటిగా చెప్పగలను బాబాయి గారూ. ఆమె గేటు లోపలే ఉంది, పావుగంట కోయడం తప్పు. 500 మీద మాత్రం రెండు వాదనలున్నాయి. అది జీతంలో భాగమని కార్మికులు అంటారు, సంపాదించుకోవలసిన ప్రోత్సాహకమని కంపెనీ అంటుంది. నియామక పత్రంలో ఎలా రాశారో చూడకుండా నేను మాట ఇవ్వను.

యనమదుర్రు గట్టు:
ఇన్‌చార్జి గారి బట్టల ప్రశ్నకి నాదొక మాట. బూట్లు, ఏప్రన్, టోపీ, మాస్కు వేసుకుని, చేతులు క్లోరిన్ నీళ్లలో ముంచందే హాల్లోకి రానివ్వరు. అది కంపెనీ పెట్టిన నియమం, కంపెనీ సరుకు కోసం. మరి ఆ సమయం ఎవరిది? అమెరికాలో దీని మీద ఏళ్ల తరబడి కొట్లాడారు. గడియారం దగ్గర నుంచి బల్ల దాకా నడిచే సమయం కూడా పనేనని 1946లో అక్కడి సుప్రీంకోర్టు అంది. మరుసటి ఏడాదే అక్కడి చట్టసభ చట్టం చేసి దాన్ని చాలావరకు తిప్పేసింది. మళ్లీ 2005లో ఒక మాంసం ప్లాంటు కేసులో, పనికి తప్పనిసరైన రక్షణ బట్టలు వేసుకున్నాక నడిచే సమయం పనేనంది. ఆ తీర్పులు మనకి చెల్లవు. కానీ ప్రశ్న మాత్రం అదే.

షిఫ్టు ఇన్‌చార్జి:
చెల్లనప్పుడు ఇక్కడెందుకండి? బట్టలు వేసుకునే సమయానికి డబ్బివ్వాలంటే షిఫ్టు 5:40కే మొదలుపెట్టాలి. సాయంత్రం అంత ముందుగా వదలాలి. బస్సులు, కోల్డ్ స్టోరేజ్ లారీలు అన్నీ మారాలి. నేనొక్కడినీ తేల్చేది కాదు.

ఆకివీడు అమ్మాయి:
ఇన్‌చార్జి గారూ, మా అమ్మ నాలుగున్నరకి లేచి క్యారియర్ కట్టుకుని బస్సు ఎక్కుతుంది. 5:45 నుంచి 6:10 దాకా ఆవిడ మీ గేటు లోపల, మీరు పెట్టిన క్యూలో ఉంటుంది. ఆ పాతిక నిమిషాలు ఇంట్లో ఉండలేదు కదండి.

ఉప్పుటేరు తమ్ముడు:
తరవాత ఏమైందో అందరికీ చెప్తున్నాను. టైమాఫీసు గారు చెప్పినట్టే కాగితం రాసిచ్చాం. 135 వచ్చే నెల స్లిప్పులో బకాయిగా వేస్తామన్నారు. స్టేటస్ మళ్లీ లెక్కించడానికి మాత్రం, నెల లాక్ అయిపోయింది, పై ఆఫీసుని అడగాలన్నారు. నియామక పత్రం కోసం ట్రంకుపెట్టె వెతికాం, ఆధార్ జిరాక్సు తప్ప ఏమీ దొరకలేదు. సోమవారం అక్క దాని కాపీ అడుగుతుంది. ఈలోగా గేటు దగ్గర నొక్కాక ఆ గడియారం బొమ్మ పోయేవరకు ఆగుతోంది. పోకపోతే టైమ్ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసుకుంటోంది.