వెబ్‌సైట్‌లో కొన్న టికెట్: ఎయిర్‌లైన్ వాళ్లు మళ్లీ వెబ్‌సైట్‌కే పొమ్మంటున్నారు

డల్లాస్_సుధ
అమ్మానాన్నలకి హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా డల్లాస్‌కి ఒక బుకింగ్ వెబ్‌సైట్‌లో టికెట్లు తీశాను. ఇప్పుడు మొదటి ఫ్లైట్‌ని ఆలస్యం చేశారు. మధ్యలో రెండు గంటలు పైగా ఉండాల్సింది 40 నిమిషాలైంది, నాన్నకి మోకాళ్ల నొప్పులు, పరిగెత్తలేరు. ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేస్తే కొన్న చోటే అడగమంటారు, వెబ్‌సైట్ వాళ్లేమో ఎయిర్‌లైన్ నుంచి అప్రూవల్ రావాలంటారు. టైం మార్చింది ఎయిర్‌లైన్ కదా, మరి నేనెందుకు వీళ్ల మధ్య తిరగాలి? వీల్‌చెయిర్ కూడా ఎవరిని అడగాలో చెప్పండి.

అమీర్‌పేట_బాబాయ్
నాలుగొందలు తక్కువ వస్తుందని వెబ్‌సైట్లకి పోతే ఇంతేనమ్మా. మా ఏజెంటైతే అర్ధరాత్రయినా ఫోన్ ఎత్తుతాడు.

విమానం_వాసు
సుధ గారూ, అమెరికా రూల్ ఉంది కదా, 24 గంటల్లో క్యాన్సిల్ చేస్తే ఎక్కడ కొన్నా పూర్తి డబ్బు వెనక్కి. వాళ్లకి ఆ మాట గట్టిగా చెప్పండి.

కౌంటర్_మనిషి
వాసూ, సగం తెలిసి సలహా ఇవ్వకు. ఆ 24 గంటల రూల్ ఎయిర్‌లైన్ దగ్గర నేరుగా కొన్నవాళ్లకే, అదీ ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు కొంటేనే. వెబ్‌సైట్లు ఇస్తే వాళ్ల ఇష్టం. పైగా ఆవిడ క్యాన్సిల్ చేయమని అడగలేదు.

టికెటింగ్ కౌంటర్లో జుట్టు నెరిసినవాణ్ణి, విను. బుకింగ్ వేరు, టికెట్ వేరు. ఎయిర్‌లైన్ టైం మార్చగానే బుకింగ్‌లో కొత్త టైం పడుతుంది, ఆ కబురు టికెట్ అమ్మిన ఏజెంట్ క్యూలోకి, ఇక్కడైతే ఆ వెబ్‌సైట్ క్యూలోకి వెళ్తుంది. ఏజెంట్ దాన్ని ఒప్పుకొని టికెట్‌ని కొత్త ఫ్లైట్‌తో సరిచేయాలి, లేదా మళ్లీ ఇష్యూ చేయాలి. ఆ క్యూ ఎవరూ తెరవకపోతే బుకింగ్‌లో ఒక ఫ్లైట్, టికెట్‌లో ఇంకో ఫ్లైట్ ఉండిపోతాయి. అది చెకిన్ కౌంటర్‌లో బయటపడుతుంది. టికెట్ ఏజెంట్ పేరున తెగింది, డబ్బు ఏజెంట్ ఖాతా ద్వారానే ఎయిర్‌లైన్‌కి చేరింది, కాబట్టి కాల్ సెంటర్ కుర్రాడు దాని మీద చేయి వేయడు. ఒక్కసారి ఆ టికెట్‌ని ఎయిర్‌లైనే మార్చిందా, ఆ తర్వాత ఏజెంట్ తనకి సంబంధం లేదంటాడు.

గుంటూరు_గోపి
ఇదంతా ట్రైన్ టికెట్లకీ ఉందా? మా ఊళ్లో ఐఆర్‌సీటీసీ ఏజెంట్ రద్దు చేసి డబ్బు ఇవ్వడం లేదు.

కౌంటర్_మనిషి
గోపీ, అది వేరే గొడవ. ఏజెంట్ రద్దు చేస్తే నీ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, అది చెబితేనే డబ్బు కదులుతుంది. బుక్ చేసేటప్పుడు నీ నంబరే ఇచ్చాడా లేక తనదే పెట్టుకున్నాడా, ముందు అది కనుక్కో.

అమీర్‌పేట_బాబాయ్
ఏజెంట్లందర్నీ దొంగలంటున్నారా ఇక్కడ?

విజయవాడ_శారద
బాబాయ్ గారూ, మీ ఏజెంటూ తన ఫోన్ నంబరే పెడతాడు, అందుకే టైం మారిన మెసేజ్ ప్రయాణికుడికి రాదు. నా రీఫండ్ సంగతి వినండి: ఎయిర్‌లైన్ ఎప్పుడో ఇచ్చేశామంది, ఏజెంట్ ఇంకా రాలేదన్నాడు. డీజీసీఏ రూల్ ప్రకారం ఏజెంట్ ద్వారా కొన్నా రీఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్‌దే, 2016 సవరణలో 30 పనిదినాలు అని గడువు కూడా పెట్టారు. ఆ లైను కాపీ చేసి మెయిల్ పెట్టాక కదిలింది.

విమానం_వాసు
అమెరికాలో అలా కాదండీ, 2024 రూల్ ప్రకారం కార్డ్ స్టేట్‌మెంట్‌లో ఎవరి పేరుంటే వాళ్లే ఇవ్వాలి. ఈసారి కరెక్టే చెప్పాను, చూసుకోండి కౌంటర్ గారూ.

కౌంటర్_మనిషి
కరెక్టే. కానీ హైదరాబాద్‌లో రూపాయల్లో కొన్న డల్లాస్ టికెట్‌కి ఏ రూల్ చూపిస్తావో చెప్పు చూద్దాం.

విజయవాడ_శారద
రెండూ చూపిస్తాను. మీకేం నష్టం?

కౌంటర్_మనిషి
సరేనమ్మా. సుధా, నువ్వు ముందు ఎయిర్‌లైన్ సైట్‌లో వాళ్ల పీఎన్ఆర్‌తో బుకింగ్ తెరువు. వెబ్‌సైట్ ఇచ్చిన ఆర్డర్ నంబర్ కాదు, ఆరు అక్షరాలది. నీ ఫోన్, మెయిల్ అందులో ఎక్కించు. తర్వాత ఏజెంట్‌ని ఫ్లైట్ల పక్కన స్టేటస్ చదవమను. HK అంటే ఖాయం, TK అంటే టైం మారింది ఇంకా ఒప్పుకోలేదు, UN అంటే ఆ ఫ్లైట్ లేదు. ఏదైనా ముందు రోజు ఫ్లైట్‌గానీ, అదే రోజు రెండో కనెక్షన్‌గానీ నువ్వే నంబర్‌తో సహా ఎంచుకొని అడుగు, "ఏదో ఒకటి చూడండి" అంటే ఎవరూ చూడరు.

డల్లాస్_సుధ
స్టేటస్ TK అన్నారు. తర్వాతి కనెక్షన్ నంబర్ చెబితే అరగంటలో మార్చారు, అదనంగా ఏమీ అడగలేదు. కానీ కొత్త ఈ-టికెట్ మెయిల్ ఇంకా రాలేదు.

కౌంటర్_మనిషి
13 అంకెల టికెట్ నంబర్ మారిందా, పాతదేనా కనుక్కో. మళ్లీ ఇష్యూ చేస్తే మారుతుంది, ఊరికే సరిచేస్తే అదే ఉంటుంది. ఏదైనా సరే, అందులో కొత్త ఫ్లైట్ టైం కనిపించేదాకా ఆ చాట్ మూయొద్దు.

అమీర్‌పేట_బాబాయ్
మా ఏజెంటైతే టికెట్ ప్రింట్ తీసి ఇంటికి పంపుతాడు.